ఇంట్లో ఒంటరిగా బార్‌బెల్: 8 వారాల షెడ్యూల్

ఎవరికి: 32 ఏళ్లు, 72 కిలోలు, జిమ్‌లో ఏడాది అనుభవం. ఇప్పుడు ఐదేసి రెప్స్‌కి స్క్వాట్ 70, బెంచ్ 50, డెడ్‌లిఫ్ట్ 90, ఓవర్‌హెడ్ ప్రెస్ 32.5 కిలోలు. గది కింది వాటాలో, 10 అడుగుల వెడల్పు. నాలుగు గుంజల రాక్, 20 కిలోల బార్. పక్కన పట్టుకునే మనిషి ఉండడు. అందుకే బార్ కిందపడకుండా ఆపే రాక్ పిన్నులు సరిచూడకుండా బరువు ఎక్కించవద్దు.

గది, రాక్

బార్ పొడవు 2.2 మీటర్లు. 10 అడుగుల్లో అటూ ఇటూ 40 సెంటీమీటర్లకు కాస్త పైన మిగులుతుంది, ప్లేట్ తొడగడానికి అది చాలు. రాక్‌ను గది మధ్యలో పెట్టి నాలుగు పాదాలనూ యాంకర్ బోల్టులతో నేలకు బిగించండి. పుల్‌అప్స్ తీసేటప్పుడు, బార్‌ను విసురుగా హుక్స్‌లో పెట్టేటప్పుడు ముందుకు ఒరిగేది బిగించని రాకే.

ప్లేట్లు తీసేటప్పుడు ఒక్కో వైపు ఒక్కోటి చొప్పున మార్చి మార్చి తీయండి. ఒకవైపు మొత్తం ఖాళీ చేస్తే రెండో వైపు బరువుకి బార్ తిరగబడి ఎగురుతుంది. దెబ్బ తగిలేది ఎత్తేటప్పుడే కాదు, ఇలా సర్దేటప్పుడు కూడా.

బెంచ్ పిన్నులు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. బెంచ్ మీద వీపు కాస్త విల్లులా వంచి, ఖాళీ బార్‌ను ఛాతీకి తాకించి ఎత్తు కొలవండి: మీకు నేల నుంచి 67 సెం.మీ. ఊపిరి వదిలి వీపు పూర్తిగా ఆనిస్తే ఛాతీ 62కి దిగుతుంది, గొంతు 55 దగ్గర ఉంటుంది. పిన్ను పైభాగం 64 దగ్గర ఉండాలి. అప్పుడు మామూలు రెప్‌లో బార్ పిన్నుకి తగలదు. లేవకపోతే ఊపిరి వదిలి వీపు ఆనించగానే బార్ పిన్నుల మీద కూర్చుంటుంది, గొంతుదాకా రాదు. రంధ్రం సరిగ్గా ఆ ఎత్తులో లేకపోతే పిన్నును కింది రంధ్రంలోకి దించవద్దు. పై రంధ్రంలోనే ఉంచి, బెంచ్ కాళ్లన్నిటి కింద 15 మి.మీ. రబ్బరు మ్యాట్ వేసి బెంచ్‌నే లేపండి.

బొటనవేలు బార్ చుట్టూ తిప్పి పట్టుకోవాల్సిందే. వేళ్లన్నీ ఒకేవైపు ఉంచితే బార్ చేతిలోంచి జారి ఛాతీ మీదో గొంతు మీదో పడుతుంది. పిన్నులు ఉన్నాయి కాబట్టి కాలర్లు బిగించండి.

స్క్వాట్ పిన్నులు

ఖాళీ బార్‌తో మీ పూర్తి లోతుకి కూర్చోండి. బార్ ఎక్కడికి దిగిందో దానికి 3–5 సెం.మీ. కింద పిన్ను. హుక్స్ రొమ్ము మధ్య ఎత్తులో ఉండాలి, మడమలెత్తి బార్ తీసే పరిస్థితి రాకూడదు. వెనక్కి రెండడుగులు చాలు, కానీ పిన్నుల పరిధి దాటవద్దు. సగంలో ఆగిపోతే ఒరగకండి, వెనక్కి విసరకండి. అలాగే నిదానంగా కూర్చుంటే రెండు పిన్నుల మీదా ఒకేసారి ఆనుతుంది, ముందుకు పాకి బయటికి రండి. మొదటి వారం 40 కిలోలతో ఈ దిగడాన్ని మూడుసార్లు కావాలని చేయండి. శరీరానికి ముందే తెలిసి ఉంటేనే కంగారులో పనికొస్తుంది.

షెడ్యూల్

సోమ, బుధ, శుక్ర. రెండు రోజులు మార్చి మార్చి.

ఎ రోజు: స్క్వాట్ 3×5, 60తో మొదలు. బెంచ్ 3×5, 42.5తో. బార్‌బెల్ రో 3×8, 40తో.
బి రోజు: డెడ్‌లిఫ్ట్ 2×5, 75తో. ఓవర్‌హెడ్ ప్రెస్ 3×5, 27.5తో. స్ప్లిట్ స్క్వాట్ కాలుకి 2×8, 25తో. పుల్‌అప్స్ 3 సెట్లు.

స్క్వాట్‌కి వార్మప్: ఖాళీ బార్ 5 చొప్పున రెండుసార్లు, 40తో 5, 50తో 3. సెట్ల మధ్య 3 నిమిషాలు. ఆ లిఫ్ట్ మళ్లీ వచ్చిన ప్రతిసారీ స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌కి 2.5 కిలోలు పెంచండి. బెంచ్, ప్రెస్‌లకు రెండుసార్లకొకసారి 2.5, అరకిలో ప్లేట్లుంటే ప్రతిసారీ 1 కిలో మేలు. మరో రెండు రెప్స్ తీయగలననిపించినప్పుడే సెట్ ఆపేయండి. వరుసగా రెండుసార్లు ఐదు పూర్తికాకపోతే ఆ ఒక్క లిఫ్ట్‌కి 10 శాతం తగ్గించండి.

ఈ 8 వారాల్లో ఒక రెప్ గరిష్ఠ పరీక్ష లేదు. వెల్లకిలా పడుకుని బార్‌ను నుదుటి మీదికి దించే ట్రైసెప్స్, తల కిందికి ఉండే డిక్లైన్ బెంచ్, భుజాల మీద బార్‌తో ముందుకు వంగే బరువైన గుడ్ మార్నింగ్ ఇంట్లో వద్దు. నుదుటి దగ్గర చేయి సడలితే పిన్ను ఆపేలోపే బార్ ముఖం మీద ఉంటుంది, డిక్లైన్‌లో బార్ జారేది మెడవైపే. ట్రైసెప్స్‌కి కొంచెం దగ్గర పట్టుతో బెంచ్ సరిపోతుంది, పిన్నులు అవే.

ఓవర్‌హెడ్ ప్రెస్ కూడా రాక్ లోపలే, కానీ ముందు తలపైకి చేతులు చాచి, బార్ పైకప్పుకీ ఫ్యానుకీ తగలదని చూసుకోండి. లేవకపోతే భుజాలకు దించి హుక్స్‌లో పెట్టడమే. డెడ్‌లిఫ్ట్‌కి పక్క మనిషి అక్కర్లేదు. పట్టు జారితే వదిలేయండి, మోకాళ్లతో ఆపబోకండి.

తలుపు లోపల గడియ పెట్టవద్దు. ఫోన్ రాక్ పాదం దగ్గర, పడుకుని చేయి చాస్తే అందేలా ఉంచండి.