రుద్రమదేవి 1295 దాకా పాలించలేదు: మీ వీడియోకి ఒక చిన్న సవరణ

తమ్ముడూ, నమస్తే. రుద్రమదేవి మీద మీరు చేసిన వీడియో మొత్తం చూశాను. కొన్నిచోట్ల ఆపి మళ్లీ చూశాను. ఓరుగల్లు కోట మట్టిగోడ, రాతిగోడ, మధ్యలో కందకం ఎట్లా పనిచేసేవో బొమ్మ గీసి చెప్పిన ముక్క చాలా బాగుంది. నేను ముప్పై ఏండ్లు సోషల్ చెప్పిన. ఆ విషయాన్ని అంత తేటగా బోర్డు మీద నేనెన్నడూ చెప్పలేకపోయిన. అందుకే ఈ పొరపాటు కూడా చెప్పకుండా ఉండలేకపోతున్న.

11 నిమిషాల 40 సెకన్ల దగ్గర మీరు మూడు మాటలు కలిపి చెప్పారు. రుద్రమదేవి 1295 దాకా పాలించిందన్నారు. మనవడు ప్రతాపరుద్రుడికి పట్టం కట్టి, కోటలోనే ప్రశాంతంగా కన్నుమూసిందన్నారు. 1293లో మార్కోపోలో ఓరుగల్లుకు వచ్చి ఆమె కొలువు చూశాడని, అదే దీనికి సాక్ష్యమనీ అన్నారు. ఈ మూడింటిలో ఏదీ నిలవదు.

1295 తప్పు మీది కాదు. పాత పుస్తకాలన్నిటిలో అదే ఉండేది. నేనూ పిల్లలతో అదే రాయించిన. దాన్ని మార్చింది ఒక రాయి. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడి శాసనంలో శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి అని తేదీ ఉంది. ఇంగ్లిష్ లెక్కలో అది 1289 నవంబరు చివరి వారం. కాకతి రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వారికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే అతను ఆ ఊరి సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. మల్లికార్జునుడు ఆమె సేనానాయకుడు. ముమ్మడి ఆ నాయకుడి దగ్గర పనిచేసినవాడు.

ఒక్కసారి ఆ సందర్భం ఊహించుకోండి. ఆ దానం ఇచ్చింది రాజూ కాదు, మంత్రీ కాదు. రాణి, తన దొర ఇద్దరూ పోయారు. చేతనైనంత భూమి గుడికిచ్చి, వాళ్ల పేర్లు రాతి మీద చెక్కించాడు. ఆ రాయి లేకపోతే రుద్రమ ఎప్పుడు పోయిందో ఇవాళ్టికీ మనకు సరిగ్గా తెలిసేది కాదు.

ఒక సంవత్సరం ఎనిమిదో తరగతి పిల్లల్ని ఆ ఊరికి తీసుకుపోయిన. నడిమధ్యాహ్నం చేరినం. ఎండ నెత్తి మీద ఉంటే అక్షరాలు ఏమీ కనబడలేదు, రాయి అంతా ఒకటే బూడిద రంగు. పిల్లలు నిరాశపడ్డరు. సాయంత్రం దాకా ఆగినం. పొద్దు వాలి వెలుతురు పక్కనుంచి పడేసరికి ఒక్కో గీతలో నీడ నిండింది. ఒక పిల్ల వేలు రాతికి తగలకుండా గాల్లోనే వరస వెంబడి జరుపుకుంటూ పోయి, ‘సార్, ఇది ద లెక్క ఉంది’ అన్నది. ఏడువందల ఏండ్ల కిందటి తెలుగు అక్షరం. మీరు పార్ట్ 2 కోసం షూటింగ్‌కు పోతే సాయంత్రమే పోండి. సుద్దముక్కతో గీతలు దిద్దడం, నూనె పూయడం మాత్రం ఎవరినీ చేయనీయకండి, రాయి పాడవుతుంది.

ఈ శాసనాన్ని పరిశీలించి దాని ప్రాముఖ్యం ఏమిటో వివరంగా రాసినవారు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు. 1978లో రాష్ట్ర ప్రభుత్వం అచ్చు వేసిన ఆయన ఇంగ్లిష్ పుస్తకం ‘ది కాకతీయాస్ ఆఫ్ వరంగల్’లో రుద్రమదేవి అధ్యాయం చూడండి. మీరు సోర్స్‌గా ఇవ్వాల్సింది అదే.

ఇక్కడ ఇంకొక జాగ్రత్త. మీ వీడియో కింద కొందరు ‘అంబదేవుడే చంపాడు, శాసనంలో ఉంది’ అని గట్టిగా రాస్తున్నారు. చందుపట్ల శాసనంలో కాకతీయుల సామంతుడు అంబదేవుడి పేరు లేదు. యుద్ధం మాటా లేదు. శివలోకానికి వెళ్లారని మాత్రమే ఉంది. రాణి, సేనాని ఇద్దరి మరణం ఒకేచోట చెప్పడం, ఆ రోజుల్లోనే కాయస్థ అంబదేవుడు తిరగబడి ఉండడం, మరుసటేడు 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో మల్లికార్జునుణ్ణి సప్తాంగాలు లేకుండా చేశానని అతను గొప్పగా చెప్పుకోవడం, ఈ మూడూ కలిపి చూసి, అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే ఇద్దరూ పోయి ఉంటారని శాస్త్రిగారు తేల్చారు. సప్తాంగాలంటే రాజ్యానికి ఉండే ఏడు అంగాలు, వాటిలో మొదటిది స్వామి, అంటే ఏలిక. ఆ మాటలో రాణి మరణం దాగి ఉందని ఆయన వాదన. నాకది బలమైన వాదనే అనిపిస్తుంది. అయినా వాదన వాదనే, రాత రాతే. 1289 అన్నది రాతి మీద ఉన్న మాట. యుద్ధంలో అన్నది చరిత్రకారుడు సాక్ష్యాలు కూర్చి చెప్పిన మాట. రెండింటినీ వేరువేరుగా చెప్తే మీ వీడియోకు విలువ పెరుగుతుంది.

ఇక మార్కోపోలో. ఆయన రాసింది ఓరుగల్లు గురించి కాదు, ముత్ఫిలి గురించి. అది మన మోటుపల్లి రేవు. విదేశీ వర్తకులకు భయం లేదని గణపతిదేవుడు శాసనం వేయించిన ఊరు. అక్కడి వజ్రాల గురించి, సాలెగూడులాంటి సన్నని బట్టల గురించి, న్యాయంగా ఏలే ఒక రాణి గురించి పోలో చెప్పాడు. రాణి పేరు చెప్పలేదు. ఆమె కొలువుకు పోయి కలిసినట్టూ చెప్పలేదు. ఫలానా ఏట వచ్చానని ఆ అధ్యాయంలో లేదు. చైనా నుంచి తిరుగు ప్రయాణాన్ని బట్టి మనవాళ్లు 1293 ప్రాంతమని లెక్కగట్టారు. పైగా ఆమె రాజు భార్య అని, భర్త పోయాక నలభై ఏండ్లు ఏలిందని రాశాడు. రుద్రమ గణపతిదేవుడి బిడ్డ, భార్య కాదు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. 1262 ప్రాంతం నుంచి 1289 దాకా చూసుకున్నా నలభై ఏండ్లు రావు. ఇది చెవిన పడ్డ మాటే అనిపిస్తుంది. ఆ పుస్తకం కూడా తరవాత జెనోవా చెరలో ఉన్నప్పుడు ఇంకొకరికి చెప్పి రాయించిందే. కాబట్టి దాన్ని పట్టుకుని 1293 నాటికి ఆమె బతికే ఉందని అనలేం. నాకైతే అందులో ఇంకోటి కనబడుతుంది. జనం ఆమెను అంతకుముందు ఏ ఏలికనూ ప్రేమించనంతగా ప్రేమించారని పోలో రాశాడు. ఒకవేళ ఆయన వచ్చేనాటికే ఆమె లేకపోతే, పోయిన రాణి గురించి రేవులో జనం ఇంకా అట్లా చెప్పుకుంటున్నారన్నమాట. అంతకన్న పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

వీడియో తీసేయకండి. అందులో మంచి చాలా ఉంది. పిన్ చేసే కామెంట్‌లో ఈ నాలుగు వాక్యాలు పెడితే చాలు: ‘11:40 దగ్గర రుద్రమదేవి 1295 దాకా పాలించిందని చెప్పాం. చందుపట్ల శాసనం ప్రకారం 1289 నవంబరు నాటికే ఆమె మరణించింది. అంబదేవుడితో యుద్ధంలో మరణించి ఉంటుందని పరబ్రహ్మశాస్త్రి గారి నిర్ణయం. మార్కోపోలో ఆమెను ఓరుగల్లులో కలిసినట్టు తన పుస్తకంలో లేదు.’ థంబ్‌నెయిల్ మీద ‘1295’ పెద్దగా ఉంది, వీలైతే అదొక్కటి మార్చండి. మా ఊరి పిల్లలు వీడియో సగం చూసి వదిలేసినా ఆ అంకె మాత్రం గుర్తుపెట్టుకుంటున్నారు.

పార్ట్ 2లో ప్రతాపరుద్రుడితో మొదలుపెడతానన్నారు. ఆయన పట్టానికి వచ్చింది నిమ్మళంగా ఉన్న రాజ్యానికి కాదు, దక్షిణాన అంబదేవుడు విడిపోయి కూర్చున్న రాజ్యానికి. అక్కడినుంచి ఎత్తుకోండి.