అక్కా, పక్కన తెలుగు రాయకండి

అక్కా, చిన్న రిక్వెస్ట్. ఇకమీదట కొరియన్‌లో రిప్లై ఇచ్చేటప్పుడు పక్కన తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాయకండి. అది కనబడితే చాలు, కళ్లు అటే పోతున్నాయి. 24 అక్షరాలూ నేర్చుకుని మూడు నెలలైంది. అయినా నిన్న శ్రీపెరుంబుదూరులో ఒక హోటల్ బోర్డు మీద 식당 అన్న రెండు ముక్కలు కూడబలుక్కునేసరికి ఆటో ముందుకెళ్లిపోయింది. చాలా బాధేసింది.

అర్థం మాత్రం తెలుగులోనే చెప్పండి. వాయిస్ మెసేజ్‌లు ఆపకండి, 감사합니다లో రాసేది ‘హప్’ అయినా పలికేది ‘హమ్’ అని మీ గొంతు విన్నాకే తెలిసింది. ముందు నేను చదివి రికార్డ్ చేసి పంపుతాను, ఆ తర్వాతే మీది పంపండి. నేను అడిగినా తెలుగులో రాయొద్దు. ఈ రాత్రి నుంచే మొదలుపెడదామా?