ఇరవై తొమ్మిది

గుంటూరు మిర్చి యార్డు పక్కనున్న కొట్టులో అమ్మకాల గుమాస్తాగా కొత్తగా చేరిన సుజాత, మదురై వర్తకుడికి పంపవలసిన యాభై క్వింటాళ్ల తేజ రకం ఆర్డరు ఖరారు పత్రాన్ని, అదే పేరుతో నడిచే బెంగళూరు కొట్టుకు పంపింది. తప్పు విలాసంకన్నా పెద్ద చిక్కు అందులోని ధర. బెంగళూరు వారికి అదే సరుకు క్వింటాలుకు నాలుగు వందలు ఎక్కువకు ఇస్తున్నారు.

ఆమె యజమానికి చెప్పి, అవతలివారు అడగకముందే తానే ఫోన్ చేసింది.

"పొరపాటు నాదండీ. ఆ ధర ముందుగా సొమ్ము కట్టినవారికి ఇచ్చేది, మీది నెల అరువు."

"ముందే కడితే మాకూ అదే ధర ఇస్తారా, అమ్మా?"

యజమానిని అడిగి, సాయంత్రంలోగా ఆ మాటను రాతపూర్వకంగా పంపింది. మదురై వర్తకుడికి, ఆయన ధర మరొకరి కంటబడిందన్న సంగతిని దాచకుండా చెప్పింది. ఆయన కోపగించుకున్నా ఆర్డరు రద్దు చేయలేదు. నిజానికి కష్టమైన ఫోను అదే.

అప్పటినుంచి ఆమె కొట్టు పేరు మాత్రమే చూసి ఏ పత్రమూ పంపలేదు. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు తమిళనాడుకు 33, కర్ణాటకకు 29 గనుక, వాటిని ఫోనులో చదివించుకున్నాకే పంపేది. తర్వాతి నెల బెంగళూరు వర్తకుడు ముందుగా సొమ్ము కట్టి, ఆమె అడగకముందే "ఇరవై తొమ్మిది, రాసుకో అమ్మా" అన్నాడు.