గుండె బలహీనతకు వైద్యం పొంది ఇంటికి వెళ్తున్నారా? వంట చేసేవారికి ఉప్పు గురించి నాలుగు మాటలు

డిశ్చార్జి కాగితాలతో పాటు ఇస్తున్న ఈ కాగితాన్ని ఫైల్లో పెట్టేయకండి. ఇంట్లో వంట చేసేవారి చేతికి ఇవ్వండి.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని అది పంపలేకపోతోందని అర్థం. ఉప్పులోని సోడియం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీరు కాళ్లలో చేరితే వాపు, ఊపిరితిత్తుల్లో చేరితే పడుకోగానే ఆయాసం. నీరు తగ్గే బిళ్ల ఒకవైపు నీటిని బయటికి పంపుతుంటే, మనం పెట్టే ఉప్పు మరోవైపు నిలబెడుతుంది. అందుకే మందు ఎంత ముఖ్యమో వంట కూడా అంతే ముఖ్యం.

రోజుకి ఎంత?

సోడియం మొత్తం 2,000 మిల్లీగ్రాములు దాటకుండా చూడాలి. డాక్టరు మీకు వేరే లెక్క చెప్పి ఉంటే అదే పాటించండి. ఒక టీస్పూను ఉప్పుతోనే ఆ లెక్క నిండిపోతుంది. పాలు, కూరగాయలు, పప్పుల్లో సహజంగానే కొంత సోడియం ఉంటుంది కాబట్టి, మనం పైన కలిపే ఉప్పు రోజు మొత్తానికి తలగొట్టిన అర టీస్పూను మాత్రమే.

దీనికి తేలికైన పద్ధతి ఒకటుంది. పొద్దున్నే అర టీస్పూను ఉప్పు కొలిచి ఒక చిన్న డబ్బాలో వేయండి. పేషెంటుకి ఆ రోజంతా వాడే ఉప్పు అదే. అయిపోతే మళ్లీ నింపొద్దు.

ఒకే పొయ్యి మీద అందరికీ

వేరే వంట చేయక్కర్లేదు. ఉదాహరణకి టమాటా పప్పు. ఉడికి మెదిపాక ఉప్పు వేయకముందే గరిటెడు పప్పు చిన్న గిన్నెలోకి తీయండి. దంచిన వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టి, దించాక నిమ్మరసం పిండండి. చిన్న డబ్బాలోంచి చిటికెడు ఉప్పు తీసి, తినేముందు పైన చల్లండి. ఉడికేటప్పుడు కలిపిన ఉప్పు కంటే పైన చల్లిన ఉప్పు నాలుకకు బాగా తెలుస్తుంది, కాబట్టి తక్కువతో సరిపోతుంది.

ఇడ్లీ పిండిలో ఉప్పు కలిపేముందే నాలుగు ఇడ్లీలకు సరిపడా పక్కకు తీయండి. ఉప్పు లేకపోయినా పిండి పులుస్తుంది. పెసరట్టుకి అల్లం, పచ్చిమిర్చి ఉంటే చాలు. అన్నం వండేటప్పుడు, పెరుగులో అసలు ఉప్పు వేయొద్దు. మిరియాలు, ధనియాలు, మామిడికాయ, కొత్తిమీర ధైర్యంగా వాడండి.

మొదటి రెండు మూడు వారాలు కష్టంగానే ఉంటుంది, చప్పగా ఉందని పెద్దవాళ్లు విసుక్కుంటారు. తర్వాత నాలుక అలవాటు పడుతుంది. అప్పటిదాకా పేషెంటుని ఒంటరిని చేయకుండా, కుదిరితే ఇంటిల్లిపాదీ ఉప్పు కాస్త తగ్గించండి.

కంటికి కనిపించని ఉప్పు

కాళ్ల వాపుతో మళ్లీ చేరిన ఒక పెద్దావిడ, "కూరల్లో ఉప్పే వేయట్లేదమ్మా" అన్నారు. ఆమె అబద్ధం చెప్పలేదు. మెల్లగా అడిగితే రోజూ మజ్జిగన్నంలోకి రెండు చల్లమిరపకాయలు, పప్పులోకి అప్పడం, కొంచెం ఆవకాయ తింటున్నారని తెలిసింది.

ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు, మిక్చరు, చిప్స్, నూడుల్స్, సాసులు, ఉప్పు కలిపిన కారప్పొడులు మానేయాలి. ఊరగాయ ముక్కని కడిగినా లోపలి ఉప్పు పోదు. బ్రెడ్డు, బిస్కెట్లలోనూ ఉప్పు ఉంటుంది. వంటసోడా, అజినోమోటో, కడుపుబ్బరానికి నీళ్లలో పొంగించి తాగే పొడి, ఇవన్నీ సోడియమే. ప్యాకెట్ మీద 100 గ్రాములకు సోడియం 120 మిల్లీగ్రాములు, అంతకంటే తక్కువ ఉంటే మంచిది. హోటల్ టిఫిన్లలో ఎంత వేశారో మనకు తెలీదు కాబట్టి ప్రస్తుతానికి వద్దు.

సైంధవ లవణం, పింక్ సాల్ట్ కూడా ఉప్పే. "లో సోడియం" ఉప్పుని మాత్రం డాక్టర్ని అడగకుండా కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది. గుండెకు వాడే కొన్ని మందులతో, లేదా కిడ్నీలు బలహీనంగా ఉంటే, రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగి గుండె లయ తప్పవచ్చు. కొబ్బరినీళ్లకూ ఇదే జాగ్రత్త.

నీళ్లకు కొలత చెప్పి ఉంటే చారు, మజ్జిగ, కాఫీ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

రోజూ బరువు

పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండర్‌లో రాయండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, కాళ్లవాపు ఎక్కువైనా, తలకింద ఇంకో దిండు పెడితేగానీ నిద్రపట్టకపోయినా రివ్యూ దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి. కూర్చున్నా ఊపిరి ఆడకపోతే, ఛాతీలో నొప్పి వస్తే, స్పృహ తప్పితే 108కి చేయండి. బాగున్నారు కదా అని మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

రివ్యూకి వచ్చేటప్పుడు బరువులు రాసిన క్యాలెండర్‌తో పాటు ఇంట్లో వాడే పొడులు, మసాలాల ప్యాకెట్లు కూడా సంచిలో వేసుకుని రండి. వాటి మీద ఏముందో కలిసి చదువుదాం.