సిఫారసు లేఖ: ఇంగ్లీషు అనువాదానికి తెలుగు మూలం

రాయపేట, చెన్నై
22 ఏప్రిల్ 2025

బెంగళూరులోని మీ ప్రచురణ సంస్థ సంపాదకులకు నమస్కారం.

పద్మావతి గారు 2018 జూన్ నుంచి 2025 మార్చి వరకు మా ముద్రణాలయంలో పనిచేశారు. డీటీపీ ఆపరేటర్‌గా చేరారు. మూడో ఏడు నుంచి తెలుగు, ఇంగ్లీషు ప్రూఫులు దిద్దే బాధ్యత పూర్తిగా ఆమెకే అప్పగించాను.

ఆమె ఎలా చదువుతారో ఒక శుభలేఖ చెబుతుంది. తెలుగు వైపు ‘ఫిబ్రవరి 22, గురువారం రాత్రి 1:20 గంటలకు’ అని ముహూర్తం ఉంది. పెళ్లివారు రాసిచ్చిన ఇంగ్లీషులోనూ అదే తేదీ, తెల్లవారుజాము 1:20 అని ఉంది. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా గురువారమే. ఇంగ్లీషు లెక్కలో అర్ధరాత్రి దాటితే 23, శుక్రవారం. ఆ ఇంగ్లీషు కార్డు అందుకున్నవారు ఒక రాత్రి ముందే మండపానికి చేరేవారు. పెళ్లివారు సంతకం చేసిన ప్రూఫు అది. నేనూ చూసి సరేనన్నాను. ప్లేటు తయారుకాకముందే ఆమె పని ఆపించి, పెళ్లికూతురి తండ్రికి ఫోను చేసి, ఆయన నొచ్చుకోకుండా విషయం వివరించి మార్పించారు. అక్షరదోషాలు పట్టేవారు నాకు ఇంతకుముందూ దొరికారు. ఇలా అర్థం పట్టుకుని చదివేవారు మాత్రం దొరకలేదు.

2023 డిసెంబరు తుఫాను వానల్లో మా వీధిలో నీళ్లు నిలిచినప్పుడు, నేను చెప్పకుండానే కాగితం రీములన్నీ పై అరలకు ఎక్కించారు. బయానా డబ్బు లెక్కలో ఏనాడూ ఒక్క రూపాయి తేడా రాలేదు.

ఒక లోపం చెప్పాలి. ఆమె తొందరపడలేరు. పెళ్లిళ్ల సీజనులో పని మీద పడితే, ఎవరికీ కాదనలేక అన్నీ ఒప్పుకుని రాత్రి దాకా కూర్చునేవారు. రెండుసార్లు గడువు దాటింది. ఏది ముందో, ఏది తర్వాతో ఉదయమే చెబితే ఆ ఇబ్బంది రాదని నాకు ఆలస్యంగా తెలిసింది. మీరు మొదటి నుంచే అలా చెప్పండి.

భర్తకు బెంగళూరు బదిలీ కావడంతో ఉద్యోగం మానేశారు, మా మధ్య మరే కారణమూ లేదు. రేపు తిరిగి వస్తానంటే ఆ కుర్చీ ఆమెదే. ఈ నెలలో మూడుసార్లు అలవాటుగా ఆమె పేరు పెట్టి పిలిచాను.

ఇంగ్లీషు చదవగలను గానీ ఇలాంటి లేఖ రాయలేను. అందుకే తెలుగులో రాసి అనువాదం చేయించాను. నేను ‘మంచి’ అన్నచోట అంతకు మించిన మాట పెట్టవద్దని, లోపం గురించిన పేరా తీసేయవద్దని అనువాదకుడికి చెప్పాను. రెండు ప్రతుల మీదా నా సంతకం ఉంది. అడగవలసింది ఏమైనా ఉంటే లెటర్‌హెడ్ మీద ఉన్న నంబరుకు ఫోను చేయండి, నేనే మాట్లాడతాను.

ఇట్లు,
రామారావు
ముద్రణాలయ యజమాని