నాన్నగారి సీటీ రిపోర్టు: స్టేజ్ గురించి మీరడిగిన దానికి

రిపోర్టు చివర ‘మెటాస్టాసిస్’, అంటే క్యాన్సర్ వేరే అవయవాలకు పాకడం, అని చూసి, నాలుగో స్టేజేనా అని అడిగారు. అక్కడున్నది ‘మెటాస్టాసిస్ కాదని చెప్పలేం’ అని. అది అనుమానమే, నిర్ధారణ కాదు. సీటీ ఒక్కదాన్ని బట్టి స్టేజ్ ఖాయం చేయం.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి స్టేజ్ మూడు విషయాల మీద తేలుతుంది: గడ్డ (టీ), లింఫ్ గ్రంథులు (ఎన్), దూరంగా పాకడం (ఎం). కుడి ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ 4.2 సెం.మీ. ఉంది, ఛాతీ గోడలోకి గానీ పెద్ద రక్తనాళాల్లోకి గానీ చొరబడలేదు. 4 దాటి 5 లోపు కాబట్టి టీ2బీ. ఇందులో పెద్దగా సందేహం లేదు.

చిక్కంతా గ్రంథుల దగ్గరే. ఈ క్యాన్సర్‌లో ఎన్నున్నాయన్న దానికంటే ఎక్కడున్నాయన్నది ముందు చూస్తాం (పెద్దపేగు క్యాన్సర్‌లో లెక్కే ముఖ్యం, అందుకే ఆ క్యాన్సర్ ఉన్న బంధువుల రిపోర్టుతో పోల్చకండి). గడ్డ ఉన్న వైపే ఊపిరితిత్తి మొదట్లో ఉంటే ఎన్1. అదే వైపు ఛాతీ మధ్యలో, లేదా శ్వాసనాళం చీలేచోట కింద ఉంటే ఎన్2. అవతలి వైపు ఛాతీ మధ్యలోనో, ఏ వైపైనా కాలర్ ఎముక పైనో ఉంటే ఎన్3. నాన్నగారికి శ్వాసనాళం పక్కన, కుడివైపు, అంటే ఎన్2 చోట, 14 మి.మీ. గ్రంథి కనిపించింది. పొట్టి కొలత 10 మి.మీ. దాటితే ‘పెరిగింది’ అని రాస్తారు. కానీ ఇన్‌ఫెక్షన్‌కీ, పాత టీబీకీ కూడా గ్రంథులు ఉబ్బుతాయి, 8 మి.మీ. గ్రంథిలోనూ క్యాన్సర్ దాగి ఉండొచ్చు. కొలత చూసి తీర్పు చెప్పలేం.

మూత్రపిండం పైన ఉండే ఎడమ ఎడ్రినల్‌ గ్రంథిలో 1.2 సెం.మీ. ముద్ద గురించే ఆ చివరి వాక్యం. అక్కడ కొవ్వు ఉండే, హాని లేని గడ్డలు మామూలే. మందు ఎక్కించకుండా తీసిన సీటీలో సాంద్రత 10 యూనిట్ల లోపుంటే దాదాపు అలాంటిదే అనుకోవచ్చు; మీ సీటీ మందు ఎక్కించి తీసినది కనుక తేల్లేదు.

అందుకే ఇదే రిపోర్టు మూడు రకాలుగా తేలొచ్చు. గ్రంథిలో, ఎడ్రినల్‌లో ఏమీ లేకపోతే 2ఏ. ఆ ఒక్క గ్రంథిలోనే ఉంటే 3ఏ. ఎడ్రినల్‌కే పాకి, ఇంకెక్కడా లేకపోతే 4ఏ. 2ఏ అయితే ముందు ఆపరేషన్ ఆలోచిస్తాం; 3ఏలో కీమో, రేడియేషన్ లాంటివి కలుస్తాయి, ఆపరేషన్ అందరికీ కుదరదు.

ఇప్పుడు క్యాన్సర్ ఉండొచ్చన్న చోట్లు వెలిగేలా చూపే పెట్ సీటీ, మెదడుకి ఎంఆర్‌ఐ చేయించాలి. ఛాతీ సీటీలో మెదడు రాదు. ఆ తర్వాత ఈబస్: నోటి ద్వారా శ్వాసనాళంలోకి గొట్టం పంపి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో గ్రంథి నుంచి కణాలు తీస్తారు. పెట్‌లో గ్రంథి వెలిగినా ఇది మానకండి, ఇన్‌ఫెక్షనూ అలాగే వెలుగుతుంది.

నాన్నగారికి ఇదివరకెప్పుడైనా పొట్ట స్కాన్ తీసి ఉంటే ఆ సీడీ తీసుకురండి, కాగితం మాత్రమే చాలదు. ఆ ముద్ద కొన్నేళ్ల కిందటా ఇదే సైజులో ఉందని తేలితే, దాని గురించి బయాప్సీ దాకా వెళ్లాల్సిన అవసరం రాకపోవచ్చు.