మీ నాన్నగారి పరిస్థితి: కోమా, వెజిటేటివ్ స్టేట్, బ్రెయిన్ డెత్ అంటే ఏమిటి

ముందుగా ఒక్క మాట. మీ నాన్నగారు బ్రెయిన్ డెడ్ కాదు. ఈ ఉదయం చూసిన దాన్నిబట్టి ఆయన కోమాలో ఉన్నారు. నిన్న మీ ఇంట్లోవాళ్లు మాట్లాడుకుంటుంటే మూడు మాటలూ కలిసిపోయి వినిపించాయి. అందుకే ఈ కాగితం రాస్తున్నాను. తీరిగ్గా చదవండి. వార్డు బయట కూర్చున్న బంధువులకూ చూపించండి.

సోమవారం ఆయన గుండె ఆగి, మళ్లీ కొట్టుకునేలోపు సుమారు 20 నిమిషాలు మెదడుకు రక్తం సరిగా అందలేదు. దెబ్బ తిన్నది మెదడు. గుండె ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. కాబట్టి మానిటర్‌లో పల్స్, బీపీ బాగున్నాయంటే మెదడు కోలుకుంటోందని అర్థం కాదు. ఈ రెంటినీ విడివిడిగా చూడాలి.

కోమా అంటే కళ్లు మూసుకునే ఉంటాయి. పిలిచినా, గట్టిగా గిల్లినా మెలకువ రాదు. ఇది నిద్ర కాదు, నిద్రపోయే మనిషిని లేపగలం. మనల్ని మెలకువగా ఉంచే వ్యవస్థ బ్రెయిన్ స్టెమ్‌లో, అంటే మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే చోట మొదలై పైకి వెళ్తుంది. అది గానీ, పైన మెదడు రెండు వైపులా గానీ బాగా దెబ్బతింటే మనిషి కోమాలోకి వెళ్తారు. అయినా కోమాలో ఉన్న మనిషి బతికే ఉన్నారు, మెదడులో కొంత భాగం పనిచేస్తూనే ఉంటుంది. నాన్నగారి కంట్లో టార్చి వేస్తే కంటిపాపలు చిన్నవవుతున్నాయి. ట్యూబులోంచి కఫం తీసేటప్పుడు దగ్గుతున్నారు. వెంటిలేటర్‌ని నిమిషానికి 14 శ్వాసలకు పెడితే తెర మీద 18 కనిపిస్తున్నాయి. పైన ఉన్న ఆ నాలుగు శ్వాసలూ ఆయనవే. బ్రెయిన్ డెత్ కాదని అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

కేస్ షీటులో E1VTM2 అని రాసి ఉండటం చూసి మీ అమ్మాయి భయపడ్డారు. అది గ్లాస్గో కోమా స్కేల్. కళ్లు తెరవడానికి నాలుగు, మాటకు ఐదు, కదలికకు ఆరు, మొత్తం 15 మార్కులు. అసలు స్పందనే లేకపోయినా ఒక్కోదానికి 1 వేస్తారు కాబట్టి అన్నిటికన్నా తక్కువ 3, సున్నా కాదు. గొంతులో ట్యూబు ఉన్నప్పుడు మాటకు మార్కు వేయలేక T రాస్తాం. ఆయన కళ్లు తెరవడం లేదు, అది E1. నొప్పి కలిగిస్తే చేతులు బిగుసుకుని చాచుకుంటున్నాయి, అది M2. ఇది మంచి స్పందన కాదు, మీ దగ్గర దాచడం లేదు. కానీ మత్తు మందు ఆపింది నిన్న ఉదయమే. గుండె ఆగిన వారిలో కనీసం మూడు రోజులు గడిచి, మత్తు పూర్తిగా దిగాకే ముందు ఎలా ఉంటుందో అంచనా వేస్తాం. అప్పుడు కూడా ఒక్క పరీక్షను నమ్ముకోం. కంటిపాపలు, మెదడులోని విద్యుత్ సంకేతాలను చూపే ఈఈజీ, స్కాన్, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయా అన్నది చూస్తాం.

కోమా ఏళ్ల తరబడి సాగడం అరుదు. సాధారణంగా కొన్ని రోజుల నుంచి రెండు, నాలుగు వారాల్లో అది ఏదో ఒక దారి పడుతుంది. కొందరు మేలుకుంటారు, అదీ చాలాసార్లు మెల్లమెల్లగా, సినిమాల్లోలా ఒక్కసారిగా లేచి పేరు చెప్పడం ఉండదు. కొందరు చనిపోతారు. కొందరు వెజిటేటివ్ స్టేట్‌లోకి వెళ్తారు.

కుటుంబాలు ఎక్కువగా తికమకపడేది ఈ వెజిటేటివ్ స్టేట్ దగ్గరే. ఇందులో కళ్లు తెరుచుకుంటాయి. పగలు మెలకువ, రాత్రి నిద్ర లాంటి వరస తిరిగొస్తుంది. చాలామంది వెంటిలేటర్ లేకుండా ఊపిరి తీసుకోగలరు. ఆవులిస్తారు, పళ్లు కొరుకుతారు, మూలుగుతారు, అరచేతిలో వేలు పెడితే పట్టుకుంటారు. ఒక్కోసారి నవ్వినట్టు, కన్నీళ్లు పెట్టుకున్నట్టు కూడా కనిపిస్తుంది. ఇవన్నీ బ్రెయిన్ స్టెమ్ లాంటి కింది భాగాలు తమంతట చేయించే పనులు. పైమెదడు తెలిసి చేయిస్తున్నవని చెప్పలేం. మెలకువ ఉంది, తెలివి ఉన్న ఆనవాలు లేదు. ఒకవేళ నాన్నగారు రేపో ఎల్లుండో కళ్లు తెరిస్తే మీరు సంతోషపడతారు, పడొద్దని నేను చెప్పను. కానీ ఆ రోజు మేం అడిగే ప్రశ్న వేరు: మన ముఖాన్ని చూపుతో వెంబడిస్తున్నారా? చెయ్యి పట్టుకోమంటే పట్టుకుని, వదలమంటే వదులుతున్నారా? ఇలాంటివి అప్పుడప్పుడైనా కచ్చితంగా కనిపిస్తే ఆ స్థితిని మినిమల్లీ కాన్షియస్ స్టేట్ అంటారు. తెలివి కొంచెమే ఉన్నా, ఉన్నట్టే. ఇది ఒక్కసారి చూసి తేల్చేది కాదు, వేర్వేరు వేళల్లో పదేపదే చూడాలి. దగ్గరివాళ్ల గొంతుకు ముందుగా స్పందించే అవకాశం ఉంది కాబట్టి మీరు గమనించినదేదైనా, ఏ వేళకో రాసిపెట్టి నర్సుకు చెప్పండి.

వెజిటేటివ్ స్టేట్ నెల దాటితే కోలుకునే అవకాశం తగ్గుతూ వస్తుంది. తలకు దెబ్బ తగిలిన వారిలో ఏడాది వరకూ కొంత ఆశ ఉంటుంది. మెదడుకు ఆక్సిజన్ అందక వచ్చిన వారిలో మూడు నెలలు దాటితే చాలా తక్కువ. మనది రెండో రకం.

బ్రెయిన్ డెత్ ఈ రెంటి కన్నా ముదిరిన కోమా కాదు. అది మరణం. బ్రెయిన్ స్టెమ్‌తో సహా మెదడు మొత్తం, ఇక తిరిగిరాని విధంగా ఆగిపోవడం. ఒప్పుకోవడం ఎందుకు కష్టమో నాకు తెలుసు: ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఛాతీ లేస్తుంటుంది, యూరిన్ బ్యాగు నిండుతుంటుంది. ఛాతీని లేపేది వెంటిలేటర్. గుండెను కొట్టించే విద్యుత్ గుండెలోనే పుడుతుంది కాబట్టి ఆక్సిజన్ అందినంత కాలం మెదడు లేకుండానే కొంతకాలం కొట్టుకుంటుంది.

దాన్ని కంటికి కనిపించిన దాన్నిబట్టి చెప్పేయరు. కారణం ఏమిటో తెలిసి ఉండాలి, శరీరం చల్లబడి ఉండకూడదు, మత్తు మందుల ప్రభావం మిగిలి ఉండకూడదు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా చూస్తారు: కంటిపాపలు కదలవు, కంటి నల్లగుడ్డును దూదితో తాకినా రెప్ప ఆడదు, చెవిలో చల్లటి నీళ్లు పోసినా కళ్లు కదలవు, దగ్గు రాదు. చివరిది ఆప్నియా టెస్ట్. ఆక్సిజన్ ఇస్తూనే వెంటిలేటర్ శ్వాసలను ఆపి, సుమారు 8 నుంచి 10 నిమిషాలు చూస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగినా ఒక్క శ్వాస కూడా రాకపోతే, శ్వాస తీయించే కేంద్రం పోయినట్టు. ఆ స్థితిలోనూ కాలో చెయ్యో కదిలితే గాభరా పడొద్దు, మెదడు లేకున్నా వెన్నుపాము తనంతట అలా కదిలించగలదు. సరిగ్గా పరీక్షించి ధ్రువీకరించిన బ్రెయిన్ డెత్ నుంచి ఎవరూ తిరిగి రారు. ఏళ్ల తర్వాత లేచారని మీరు వినే కథలు చాలావరకు మిగతా రెండు స్థితులవి.

మీ బంధువొకరు అవయవదానం గురించి అడిగారు. ఆ ప్రస్తావనకు ఇప్పుడు చోటే లేదు. ఎప్పుడైనా వస్తే, మరణాన్ని నిర్ధారించే డాక్టర్లు అవయవ మార్పిడి టీమ్‌లో ఉండరు.

మెదడు వాపు పెరిగితే నాన్నగారి పరిస్థితి ఇంకా దిగజారవచ్చు, ఆ అవకాశం లేదని అనలేను. అలా జరిగితే ఏ వేళైనా ఫోన్ చేసి చెప్తాం. ఆయన వినగలరో లేదో ఎవరం కచ్చితంగా చెప్పలేం కాబట్టి పక్కన నిలబడి మామూలుగా మాట్లాడండి, చెయ్యి పట్టుకోండి. ట్యూబులకేమీ కాదు. పరిస్థితి బాలేదన్న మాటలు మాత్రం ఆయన మంచం దగ్గర వద్దు.

రేపు ఉదయం ఈఈజీ, మధ్యాహ్నం ఎంఆర్‌ఐ. సాయంత్రం నాలుగింటికి కౌన్సెలింగ్ రూమ్‌లో కలుద్దాం. అడగాలనుకున్నవన్నీ కాగితం మీద రాసుకు రండి. బంధువులందరికీ సమాచారం చెప్పే బాధ్యత మీలో ఒక్కరే తీసుకుంటే, ఒక్కొక్కరికీ ఒక్కో మాట వెళ్లే టెన్షన్ తప్పుతుంది.